ఈ దఫా ముందుకు తీసుకువెళ్లలేకపోతున్నాం

మా కంపెనీలో ఉద్యోగం రానివాళ్లకు పోయే ఉత్తరం నేను రాసిందే. కింద సంతకం మనోరమ మేడమ్‌ది, మాటలు నావి. ఐదేళ్లుగా అదే ఉత్తరం పోతోంది. పేరూ తేదీ మార్చడం తప్ప అందులో ఒక్క మాట కదల్చలేదు.

మాది జహీరాబాద్ దాటాక హైవే పక్కన ఉన్న చిన్న ఫ్యాక్టరీ. ట్రాక్టర్లలో వాడే పిన్నులు, బుష్షులనే ఇనుప గొట్టం ముక్కలు చేసి పెద్ద కంపెనీలకు పంపుతాం. నూట ఎనభై మంది పనివాళ్లున్నారు. నేను హెచ్.ఆర్. ఆఫీసులో క్లర్కుని. పేరు రేవణసిద్ధప్ప. అందరూ రేవణ్ణ అంటారు. న్యాల్‌కల్ దగ్గర మా ఊళ్లో బడి చదువు, ఆ తర్వాత జహీరాబాద్‌లో డిగ్రీ. ఎక్కువ మాట్లాడే అలవాటు లేదు. ఆఫీసులో అది మంచి గుణమన్నారు. నేనూ అదే అనుకున్నాను.

అంతకుముందు వేరే ఉత్తరం ఉండేది. రెండే వాక్యాలు. "మీరు ఈ ఉద్యోగానికి తగినవారు కాదని నిర్ణయించాము. మీ దరఖాస్తును తిరస్కరించడమైనది." అది పోస్టులో పోయేది. మా పల్లెల్లో కంపెనీ ముద్ర ఉన్న కవరు వస్తే అది ఒక్కరి ఉత్తరం కాదు. పోస్టుమాన్ కిరాణం ముందు బండి ఆపి పేరు పిలుస్తాడు. నలుగురూ చేరతారు. చదువొచ్చినవాడు ఎవడో చింపి పైకి చదువుతాడు. మహాదేవప్ప అనే రైతు కొడుక్కు పోయిన ఉత్తరం అట్లా ఊరంతా విన్నది.

వారం తర్వాత ఆ మహాదేవప్ప మా గేటు దగ్గరికి వచ్చాడు. కొట్లాటకు కాదు. తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని గేటు గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"పని ఇయ్యకున్రి, దానికి నేనేం అనను" అన్నాడు. "తగడు అని ఎందుకు రాసిన్రు? పోరగానికి పిల్లనిద్దామని వచ్చినోళ్లు గప్పుడే మా అరుగు మీద కూసున్నరు. ఆళ్ల ముందల్నే సదివిన్రు. తగనోనికి మేమెట్ల ఇస్తమని చాయ్ గూడ తాగకుంట లేచిపోయిన్రు."

మనోరమ మేడమ్ అప్పుడే మేనేజరుగా చేరారు. ఆమెది హైదరాబాద్. గేటు దాకా నడిచి వచ్చి, ఆయనకు కుర్చీ వేయించి, మంచినీళ్లు ఇప్పించి, చేతులు జోడించి తప్పైందని చెప్పారు. ఆ సాయంత్రం నన్ను పిలిచారు.

"రేవణ్ణ గారూ, ఈ ఉత్తరం మీ ఊళ్లో చదివితే వినేవాళ్లకు నొప్పి కలగకూడదు. అట్లా రాయండి. మీకైతేనే తెలుస్తుంది."

ముందు 'తిరస్కరించాము' తీసేసి 'అంగీకరించలేకపోయాము' అని రాశాను. ఆమె చదివి తల అడ్డంగా ఊపారు. 'ఎంపిక చేయలేకపోయాము' అని రాశాను. "ఇంకా తలుపు వేసిన చప్పుడు వినిపిస్తోంది" అన్నారు. ఇంటికి తీసుకుపోయి మూడు రోజులు కూర్చున్నాను. సంబంధం వద్దనుకున్నప్పుడు మా పెద్దలు ఎట్లా అంటారు? పిల్ల బాగలేదనరు. ఈ ఏడు మాకు కుదరట్లేదు, చూద్దాం అంటారు. ఆ ధోరణి పట్టుకుని రాశాను.

"మా సంస్థ పట్ల మీరు చూపిన ఆసక్తికి కృతజ్ఞతలు. మీ దరఖాస్తును ఎంతో శ్రద్ధగా పరిశీలించాము. అయితే ఈ దఫా దానిని ముందుకు తీసుకువెళ్లలేకపోతున్నామని తెలియజేయడానికి చింతిస్తున్నాము. ఇది మీ ప్రతిభ మీద తీర్పు కాదు. మీ వివరాలు మా వద్ద భద్రంగా ఉంటాయి. తగిన అవకాశం వచ్చినప్పుడు తప్పక సంప్రదిస్తాము. మీ భవిష్యత్తు ఉజ్వలంగా ఉండాలని కోరుకుంటున్నాము."

మేడమ్ రెండుసార్లు చదివారు. "ఇది వస్తే నేను కూడా దాచుకుంటాను" అన్నారు. ఆమె అనుకోకుండా అన్న ఆ మాట నిజమైంది. ఒకరిద్దరు ఆ ఉత్తరాన్ని లామినేషన్ చేయించి, మళ్లీ ఉద్యోగాలు పడ్డప్పుడు దరఖాస్తుతో పాటు తెచ్చారు. నాకు లోపల్లోపల సంతోషంగానే ఉండేది.

ఒక్క నియమం మాత్రం ఆమె గట్టిగా చెప్పారు. కారణం రాయకూడదు, నోటితో కూడా చెప్పకూడదు. కారణం చెబితే వాదన వస్తుంది, వాదన వస్తే పెద్దమనుషులు వస్తారు. ఒకరికి చెప్పి ఇంకొకరికి చెప్పకపోతే అది ఇంకో తంటా. హైదరాబాద్‌లో పెద్ద కంపెనీలన్నీ ఇట్లాగే చేస్తాయన్నారు. సరేనన్నాను.

వివరాలు భద్రంగా ఉంటాయన్నది అబద్ధం కాదు. నా వెనక ఇనుప బీరువాలో కింది అరలో అట్టపెట్టె ఉంటుంది. దరఖాస్తులన్నీ దాంట్లోనే వేస్తాను. ఏడాది దాటాక చించేస్తాం. ఈ ఐదేళ్లలో ఆ పెట్టెలోంచి ఒక్క కాగితం తీసి ఎవరినీ పిలిచింది లేదు.

నాగరాణి మొదటిసారి వచ్చింది ఏప్రిల్‌లో. క్వాలిటీ సెక్షన్‌లో ట్రైనీ ఇన్‌స్పెక్టర్లు ఇద్దరు కావాలని ప్రకటన ఇచ్చాం. మెకానికల్ డిప్లొమా ఉండాలి, ఇరవై అయిదేళ్లు నిండకూడదు. పదకొండు మంది వచ్చారు, ఆడపిల్ల ఆమె ఒక్కతే. ఝరాసంగం దగ్గర పల్లె. తండ్రి లేడు. తల్లి హనుమమ్మ ఎకరన్నరలో కంది, జొన్న వేస్తుంది. డిప్లొమా అయ్యాక తల్లి కాలు విరిగితే ఇంట్లోనే ఉండిపోయి, తర్వాత జహీరాబాద్‌లో విత్తనాల దుకాణంలో కుదిరింది. దరఖాస్తు మీద పుట్టిన తేదీ చూశాను. నవంబర్‌లో ఇరవై అయిదు నిండుతాయి.

పొద్దున మేడమ్ దగ్గర ఇంటర్వ్యూ, మధ్యాహ్నం జగన్‌మోహన్ సార్ దగ్గర పరీక్ష. జగన్‌మోహన్ సార్ క్వాలిటీ సెక్షన్ హెడ్డు. ఈ ఊరివాడే. లేతు మీద పని మొదలుపెట్టి అక్కడి దాకా వచ్చిన మనిషి. ఆయన పరీక్ష చిన్నది. ఒక డ్రాయింగు, అయిదు బుష్షులు, రెండు దవడల మధ్య పట్టి కొలిచే ఒక వర్నియర్ కాలిపర్ ఇస్తాడు. బుష్షు బయటి కొలత ఇరవై అయిదు మిల్లీమీటర్లు ఉండాలి, ఇటు అటు మిల్లీమీటరులో నూటికి అయిదు వంతుల దాకా పర్వాలేదు. కొలిచి, ఏది పాసు, ఏది ఫెయిలు అని కాగితం మీద రాయాలి.

అసలు కిటుకు వర్నియర్‌లో ఉంది. ఆయన పరీక్షకు ఇచ్చేది అరిగిపోయిన పాతది. దవడలు రెండూ దగ్గరికి మూస్తే సున్నా మీద సున్నా పడాలి. పడదు. నూటికి ఆరు వంతులు ఎక్కువ చూపిస్తుంది. కొలిచేముందు అది గమనించి, చెప్పాలి, లేదా వచ్చిన లెక్కలోంచి ఆ ఆరూ తీసెయ్యాలి. లేకపోతే మూడో బుష్షు దగ్గర దొరికిపోతారు. దాని మీద సరిగ్గా ఇరవై అయిదు కనిపిస్తుంది. నిజానికి అది ఆ ఆరు వంతులూ సన్నం, ఫెయిలు.

"ముందుగాల్నే జెప్తే మంచిదేమో సార్" అని ఒకసారి చాయ్ తాగుతూ అన్నాను.

"జెప్తే గది పరీక్ష ఎట్లయితది రేవణ్ణ?" అన్నాడాయన. "వర్నియర్ ఖరాబైందని లైన్ల పనిజేసెటోనికి ఎవడు జెప్తడు? వాడే జూడాలె."

ఆ రోజు పరీక్ష గదిలో హాజరు కాగితం పట్టుకుని నేను వెనక నిలబడ్డాను. నాగరాణి వంతు వచ్చింది. వర్నియర్ తీసుకుని దవడలను చున్నీ కొసతో తుడిచింది. మూసింది. కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి చూసింది. తెరిచి మళ్లీ మూసి చూసింది. తర్వాత తల తిప్పి జగన్‌మోహన్ సార్ వైపు చూసింది. ఆయన ఫోనులో ఏదో చూసుకుంటున్నాడు. ఆమె పెదవులు కొంచెం కదిలాయి. మళ్లీ ఏమనుకుందో, బుష్షు తీసుకుని కొలవడం మొదలుపెట్టింది.

సాయంత్రం కాగితాలు నా టేబులు మీదికి వచ్చాయి. ఆమె కాగితం కింద ఎర్ర సిరాతో ఉంది. "జీరో ఎర్రర్ చూడలేదు." మూడో బుష్షు పాసని రాసింది.

చూసింది కదా, నేను నా కళ్లతో చూశాను అనుకున్నాను. అయితే అది నా పని కాదు. నాలుగో రోజున ఉత్తరం కొట్టి, పేరు మార్చి, మేడమ్ సంతకం పెట్టించి పంపాను.

మే నెల మొదట్లో ఆమె గేటు దగ్గరికి వచ్చింది. ఉత్తరం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఉంది.

"నమస్తే అన్నా. ఉత్తరం వచ్చింది. మస్తు మంచిగ రాసిన్రు. మా అమ్మ వాడకట్టంత సదివిపిచ్చింది. నౌకరి ఇచ్చినోళ్లు గూడ గింత మర్యాదగ రాయరంటున్రు."

నేను తల ఊపాను.

"అన్నా, జర ఒక్క మాట. నాకేం తక్కువైంది? చెప్తే నేర్చుకుంట."

నియమం నోటికి అడ్డం వచ్చింది. కొంచెం నియమం, కొంచెం నా అలవాటు. "ఉత్తరంలో ఉన్నదేనమ్మా. ఇంకోసారి చూడు" అన్నాను.

"ఇంగ్లీషేనా అన్నా? మేడమ్ ఇంగ్లీషుల అడిగితే నేను తెలుగుల చెప్పిన. గదే అనుకుంటున్న."

నేను అవుననలేదు, కాదనలేదు. ఊరుకుంటే మా వైపు అవునన్నట్టే. ఆమె కూడా అట్లాగే తీసుకుంది. సమాధానం దొరికినట్టు మొహం తేటపడింది. నమస్తే పెట్టి పోయింది.

ఆ తర్వాత చాలాసార్లు కనపడింది. దుకాణం మానేసి, హైవే పక్కన ఇంగ్లీషు, కంప్యూటరు నేర్పే చోట చేరింది. పొద్దున ఝరాసంగం నుంచి వచ్చే షేర్ ఆటోలో ఒడిలో నోటుపుస్తకం పెట్టుకుని, పెదవులు కదిలిస్తూ కూర్చునేది. నన్ను చూస్తే "గుడ్ మార్నింగ్ అన్నా" అని నవ్వేది. పక్కనున్న ఆడవాళ్లు "మాకు గూడ జెప్పరాదు ఆ మార్నింగు" అని ఎక్కిరించేవాళ్లు. "ముందుగాల మీరు ఆటోకు పైసలియ్యున్రి, గప్పుడు జెప్త" అనేది. నేను తల ఊపి ఫ్యాక్టరీ దిక్కు నడిచేవాణ్ణి.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఆఫీసుకు ఫోన్ చేసింది.

"అన్నా, సంగారెడ్డి దిక్కు పైపుల కంపెనీల పిలిచిన్రు. ప్యాకింగ్ సూపర్‌వైజర్. సోమవారం చేరమన్నరు. హాస్టలు గూడ ఉందంట."

"మంచిదే కదమ్మా."

"మంచిదే. గని మీరు తప్పక సంప్రదిస్తమని రాసిన్రు గదా. నేను చదివింది కొలతల పని. మా అమ్మ కాలు బాగలేదు, జహీరాబాద్ అయితే పొద్దుమీకి ఇంటికి పోవచ్చు. గిప్పుడు అక్కడ చేరి, రేపు మీరు పిలిస్తే ఎట్ల? పోవాల్నా, ఉండాల్నా, నువ్వే జెప్పన్నా."

ఫోను చెవి దగ్గర పెట్టుకునే ఉన్నాను. వెనక బీరువా ఉంది. దాంట్లో పెట్టె ఉంది. పెట్టెలోంచి మేము ఎవరినీ పిలవం అని చెప్పాలి. ఇంగ్లీషు కాదమ్మా, వర్నియర్ అని చెప్పాలి. అద్దం అవతల మేడమ్ ఎవరితోనో మాట్లాడుతున్నారు.

"అది నేను చెప్పేది కాదమ్మా" అన్నాను. "అక్టోబర్‌లో మళ్లీ ఇద్దరిని తీసుకుంటారు."

"గట్లనా అన్నా. అయితే ఉంట" అంది. ఆ గొంతులో సంతోషం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

చెప్పింది అబద్ధం కాదు. అక్టోబర్‌లో నిజంగానే ప్రకటన పడింది. అయినా ఆ రాత్రి నేను సరిగా తినలేదు. ఇంట్లో ఏమైందని అడిగితే కడుపు బాగలేదన్నాను.

అక్టోబర్ పరీక్షకు తొమ్మిది మంది వచ్చారు. నాగరాణికి ఇదే చివరిది, ఇంకో నెల దాటితే దరఖాస్తు పెట్టడానికే లేదు. మేడమ్ దగ్గరినుంచి బయటికి వస్తుంటే ఆమె మొహం వెలిగిపోతోంది. నేను కాగితాలు తీసుకోవడానికి లోపలికి వెళ్తే మేడమ్ అన్నారు, "ఈ అమ్మాయి ఎంత మారిందండీ. ఏప్రిల్‌లో ఒక్క మాట పెగల్లేదు. ఇప్పుడు గడగడా చెప్పింది."

మధ్యాహ్నం అదే గది, అదే పాత వర్నియర్. ఈసారి జగన్‌మోహన్ సార్ ఫోను చూడటం లేదు, చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. హాజరు కాగితం ఆమె ముందు పెట్టి సంతకం చేయించాను. వంగినప్పుడు "నిమ్మళంగ చూడు" అని మాత్రం అన్నాను. అంతకుమించి నోరు రాలేదు. ఆమె సరేనన్నట్టు కళ్లు ఆర్పింది.

దవడలు తుడిచింది. మూసింది. వెలుతురుకు ఎత్తి చూసింది. ఈసారి నేను ఆమె పెదవుల వైపే చూస్తున్నాను. ఆమె వర్నియర్ చూసింది, జగన్‌మోహన్ సార్‌ను చూసింది, తల దించుకుని బుష్షు అందుకుంది. మూడోదాని దగ్గర పాసని రాసింది.

సాయంత్రం డ్యూటీ దిగి షేర్ ఆటోలు ఆగే చోటికి పోయాను. ఆమె అక్కడే ఉంది. ఆటో నిండలేదు.

"వర్నియర్ మూసి చూసినవ్ గదా" అన్నాను. "ఏం కనపడ్డది?"

ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "అది ఖరాబైంది అన్నా. మూస్తే సున్నా పడ్తలేదు. ఆరు ఎక్కువ చూపిస్తది. పోయినసారి గూడ గదే ఇచ్చిన్రు."

"పోయినసారి గూడ చూసినవా?"

"గప్పుడు గూడ చూసిన. పాలిటెక్నిక్‌ల మా సార్ ముందుగాల గదే నేర్పిండు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

ఆమె నన్ను వింతగా చూసింది. అంత సులువైన సంగతి నాకు తెలియదా అన్నట్టు. "ఎట్ల జెప్తరన్నా? ఆయన గంత పెద్దాయన. నౌకరి అడుగనీకి పోయి, ఆళ్ల సామానే బాగలేదంటే ఏమనుకుంటరు? పదిమంది ముందల ఆయన ఇజ్జత్ పోదా? సామాను మీద కనపడ్డదే రాస్తె ఆళ్లకు తెల్వదా అని గదే రాసిన. మూడోది అయితే నాకు ఎరికే, అది సన్నం."

ఆటోవాడు పిలిచాడు. ఆమె ఎక్కుతూ "ఇంటర్వ్యూ మంచిగైంది అన్నా. ఈసారి అయితది" అంది.

నేను ఇంటికి పోలేదు. వెనక్కి ఫ్యాక్టరీకి నడిచాను. మేడమ్ ఇంకా ఉన్నారు. జగన్‌మోహన్ సార్ కూడా ఆమె గదిలోనే కాగితాలు దిద్దుతున్నాడు. నాగరాణి చెప్పినదంతా చెప్పాను. అన్ని మాటలు నేను ఒక్కసారి మాట్లాడటం వాళ్లు ఎప్పుడూ వినలేదు. మేడమ్ పెన్ను కింద పెట్టారు.

"అయితే ఆ అమ్మాయికి విషయం తెలుసు కదా సార్" అన్నారు జగన్‌మోహన్ సార్ వైపు తిరిగి.

ఆయన కాగితాల కట్ట తిరగేశాడు. నాగరాణిది తీసి మూడో వరస మీద వేలు పెట్టాడు.

"తెల్వక రాస్తె నేను నేర్పుకుందును మేడమ్. తెలిసి పాసని రాసింది" అన్నాడు. "రేపు లైన్ల సూపర్‌వైజర్ వచ్చి జర పోనియ్యమ్మా అంటె, పెద్దాయన గదా అని పోనిస్తది. ఆ బుష్షు ట్రాక్టర్ల పడ్తది. ఇన్‌స్పెక్టర్ అంటె మాలికు ముందల్నైనా ఇది ఖరాబుందని అనాలె. గదొక్కటే ఆ నౌకరి."

"ఇంకోసారి పరీక్ష పెడితే?" అన్నాను.

"ఇప్పుడు నువ్వు జెప్పినంక పెడ్తె అది పరీక్ష గాదు రేవణ్ణ." ఆయన గొంతులో కోపం లేదు. "ఏప్రిల్‌ల ఎవరన్న జెప్తె బాగుండు. ఆరు నెలల్ల నోరు తెరుసుడు నేర్సుకునేది. ఇంగ్లీషు నేర్సుకున్న పిల్ల గిది నేర్సుకోదా?"

ఆ 'ఎవరన్న' ఎవరో ఆయనకు తెలియదు. నాకు తెలుసు. మేడమ్‌కు కూడా తట్టిందనుకుంటాను, నా వైపు చూసి చూపు తిప్పుకున్నారు.

వేరే ఇద్దరిని తీసుకున్నారు. మిగిలిన ఏడుగురి ఉత్తరాలు కొట్టి మేడమ్ ముందు పెట్టాను. ఆరింటి మీద సంతకం చేశారు. ఏడోదాని దగ్గర ఆగారు.

"ఇందులో ఒక్క వాక్యం కలపొచ్చా మేడమ్?" అన్నాను.

"కాగితం మీద వద్దు. ఒకరికి రాస్తే అందరికీ రాయాలి."

"నోటితో?"

ఆమె సంతకం చేసి కాగితం నా వైపు జరిపారు. "నన్ను అడగకండి రేవణ్ణ గారూ" అన్నారు. మెల్లగా అన్నారు. వద్దని మాత్రం అనలేదు.

ఆ ఉత్తరం పోస్టులో వేయలేదు. ఆదివారం పొద్దున జేబులో పెట్టుకుని ఝరాసంగం ఆటో ఎక్కాను. ఆటో దిగి అడుగుతూ పోతే ఇల్లు దొరికింది. రేకుల ఇల్లు, ముందు కంది చేను. హనుమమ్మ గుమ్మం ముందు మంచం మీద కాలు చాపుకుని కూర్చుని ఉంది. నాగరాణి బట్టలు ఆరేస్తోంది. నన్ను చూసి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె మొహం చూస్తే నేను ఎందుకొచ్చానని అనుకుందో తెలిసింది. నౌకరీ అయితేనే కంపెనీ మనిషి ఇంటికి వస్తాడు.

"కాలేదమ్మా" అన్నాను, ఆమె ఏమీ అడగకముందే. జేబులోంచి ఉత్తరం తీయలేదు. "నిన్ను తీసుకోలేదు. ఇంక ఎదురు చూడొద్దు. వయసు దాటిపోతది, మళ్లా పిలువరు."

ఆమె నిలబడే ఉంది. హనుమమ్మ మా ఇద్దరి వంకా చూస్తోంది.

అప్పుడు అంతా చెప్పాను. వర్నియర్ కావాలనే పాడైనది ఇస్తారని, అది చూసి చెప్పడమే పరీక్ష అని, ఇంగ్లీషుకు దీంతో సంబంధం లేదని. ఎక్కడ కొలతల పనికి పోయినా ముందు మూసి చూడు, సున్నా పడకపోతే ఎంత పెద్దాయన ఉన్నా నోరు తెరిచి చెప్పు అని. పైపుల కంపెనీకి సోమవారం నేనే ఫోన్ చేస్తాను, ఆ చోటు ఇంకా ఉందేమో అడుగుతాను అని కూడా అన్నాను. ఉండదని నాకు తెలుసు. రెండు నెలలైంది.

ఆమె అంతా విన్నది. చివరికి అడిగింది.

"ఏప్రిల్‌లనే నీకు ఎరికేనా అన్నా? గేటు కాడ నేను అడిగినప్పుడు?"

"ఎరికే."

"ఫోన్ చేసినప్పుడు?"

"ఎరికే."

ఆమె కోప్పడితే బాగుండుననిపించింది. కోప్పడలేదు. ఇంటికి వచ్చిన మనిషిని ఎట్లా అంటుంది. "కూసో అన్నా, చాయ్ పెడ్త" అని లోపలికి పోయింది. స్టవ్ వెలిగించిన చప్పుడు వినిపించింది.

హనుమమ్మ మంచం మీద కొంచెం జరిగి చోటిచ్చింది. "ఏమో బిడ్డా, నౌకరీలు మన చేతులున్నయా?" అంది. "కాలేదని జెప్పనీకి గింత దూరం ఎవరొస్తరు. నువ్వు మంచోనివి."

చాయ్ తల్లే తెచ్చింది, గోడ పట్టుకుని నడుస్తూ. నాగరాణి బయటికి రాలేదు. తాగి, గ్లాసు గుమ్మం పక్కన పెట్టి, ఉత్తరం జేబులోనే ఉంచుకుని లేచాను. పోయొస్తానని లోపలికి వినపడేట్టు చెప్పాను. కాసేపు నిలబడి, ఆటోల దిక్కు నడిచాను.